చిత్తుప్రతిలో ఉన్న మనిషి

చాలా ఏళ్ళపాటు ఈ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఒకే మాటతో మొదలుపెట్టేవాణ్ణి: ఆవిడ నన్ను నట్టేట ముంచి వెళ్ళిపోయింది, అని. విన్నవాళ్ళు అయ్యో అనేవారు. ఇప్పుడు అదే సంగతిని జరిగిన వరసలో రాస్తున్నాను. వరసలో పెడితే ఆ మొదటి మాట నిలవదు.

రాజోలులో నాకు డి.టి.పి. షాపు ఉండేది. శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు. మా ఇల్లు మామిడికుదురు దగ్గర ఊళ్ళో. కొబ్బరితోట, కొంచెం వరి. రెండు వేల ఎనిమిది వేసవికి ముందు, నా భార్యా నేనూ పిండివంటల వ్యాపారం మొదలుపెట్టాం. తోటలో కొబ్బరి ఉంది, పెరట్లో వంటపాక ఉంది, హైదరాబాదులో తినేవాళ్ళు ఉన్నారు. లేనిదల్లా చెయ్యి. నా భార్య వంట మా ఇంటిమట్టుకు సరిపోతుంది. కొరియర్లో నాలుగు రోజులు ప్రయాణం చేసి కూడా మెత్తగా ఉండే పాకుండలు చెయ్యడం ఆమె వల్ల కాదు. ఆ మాట ఆమే చెప్పింది.

ఆ చెయ్యి మా ఊళ్ళోనే ఉంది. చర్చి వీధిలో ఉండే ఒకావిడ. అప్పటికి యాభై దాటాయి. ఇరవై ఏళ్ళు బాలికల హాస్టల్లో వంట చేసి మానేశారు. నూరుమందికి వండిన మనిషి కాబట్టి కొలతలన్నీ నోటిమీద ఉండేవి. భర్త పోయాడు. కూతురు అమలాపురంలో బి.ఇడి. చదువుతోంది. ఆవిడ తల్లి మా తాతల కాలంలో మా ఇంట్లో ధాన్యం దంపిన మనిషి. నేను వెళ్ళి అడిగాను. వెళ్ళి అంటే వీధి చివరిదాకా వెళ్ళి, ఆవిణ్ణి బయటికి పిలిపించి అడిగాను. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుని, "ఆయ్, చేద్దామండి బాబుగారూ" అన్నారు. బాబుగారు వద్దు, తమ్ముడు అనండి, నేను అక్కా అంటాను అన్నాను. ఆవిడ నవ్వి, "అలవాటవ్వాలండి" అన్నారు. నెల తిరిగేసరికి తమ్ముడుగారూ అనడం అలవాటైంది.

బ్లాగు ఆలోచన నాది. ప్రకటనలకు ఖర్చు పెట్టలేం. అప్పట్లో తెలుగులో రాసేవాళ్ళు కొందరు బ్లాగుల్లో చేరి వంటల గురించీ ఊళ్ళ గురించీ టపాలు రాస్తుండేవారు. ఆఫీసుల్లో కూచున్న తెలుగువాళ్ళు అవి చదివి కిందనే వ్యాఖ్యలు రాసేవారు. మన పాకుండల గురించి అక్కడ రాస్తే వాళ్ళే అడిగి తెప్పించుకుంటారని నాకు తోచింది. రాయడం నాకు ఇష్టం కూడా. ఆ ఇష్టం ఇందులో చాలా పని చేసింది.

మొదట్లో ఎప్పుడు తోస్తే అప్పుడు రాద్దామనుకున్నాను. నా భార్య ఒప్పుకోలేదు. వినాయక చవితి టపా చవితినాడు వేస్తే చదివి మెచ్చుకుంటారే గాని, సరుకు ఎప్పుడు చేరుతుంది, అంది. నిజమే. సరుకు చెయ్యడానికి రెండు రోజులు, కొరియరుకు నాలుగైదు రోజులు, ఆలోచించుకుని ఫోను చెయ్యడానికి వాళ్ళకో వారం. అంటే పండగ టపా పండగకు కనీసం మూడు వారాల ముందు వెళ్ళాలి. దానికి ఫొటో కావాలి. ఫొటోకి వంట కావాలి. అంటే ఆ వంట నెల ముందే ఒక చిన్న వాయి చెయ్యాలి. ఇలా పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే కేలండరు దానంతటదే తయారైంది.

కంప్యూటర్లో ఐదు గడులు గీశాను. తేదీ, విషయం, చిత్తుప్రతి, ఫొటో, వేసినది. ప్రతి శుక్రవారం ఒక టపా. నెలలో మొదటి శనివారం ముగ్గురం వంటపాకలో కూచుని ఆ నెలా పైనెలా విషయాలు ఎంచుకునేవాళ్ళం. విషయాలన్నీ ఆవిడ చెప్పేవే. పాకం ఎక్కడ దింపాలి, కొబ్బరికోరు ఎప్పుడు కలపాలి, వర్షాకాలంలో పిండి ఎందుకు తేలిపోతుంది, తాటిపండు పీచు లేకుండా ఎలా తీయాలి. నేను రాసుకునేవాణ్ణి. సోమవారానికి చిత్తుప్రతి టైపు చేసి, కాగితం మీద తీసి ఆవిడకు ఇచ్చేవాణ్ణి. మంగళవారం ఆవిడ కొలతలు సరిచూసి పెన్సిలుతో దిద్ది ఇచ్చేవారు. ఆవిడ దస్తూరి గుండ్రంగా ఉండేది. ఒకసారి నేను సేరుకు అరకిలో బెల్లం అని రాస్తే పక్కన, "ఇలా చేస్తే మీ ఇంటావిడ తింటారు, ఇంకెవరూ తినరు" అని రాశారు. నా భార్య ఆ కాగితం పట్టుకుని రోజంతా నవ్వింది. బుధవారం ఫొటో. గురువారం షాపులో కూచుని బ్లాగులో ఎక్కించి, తేదీ శుక్రవారం ఉదయం ఆరు గంటలు అని పెట్టి వదిలేస్తే ఆ వేళకు అదే బయటికి వెళ్ళిపోయేది. హైదరాబాదు వాళ్ళు ఆఫీసుకు వెళ్ళి కుర్చీలో కూచునేసరికి మా పాకుండలు వాళ్ళ ఎదురుగా ఉండేవి.

కేలండరు ప్రింటు ఒకటి వంటపాక తడికకు గుచ్చి ఉండేది. శుక్రవారం రాగానే ఆవిడ చేతులు కడుక్కుని, చివరి గడిలో ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి అప్పుడు పొయ్యి వెలిగించేవారు. ఆ పని ఇంకెవరినీ చెయ్యనిచ్చేవారు కాదు.

మొదటి టపా పాకుండల గురించి. మే నెలలో మొదటి శుక్రవారానికి. చిత్తుప్రతిలో నేను రాసిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. 'పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి, గిన్నెకి కొడితే మోగకూడదు అంటుంది మా అక్క. ఇరవై ఏళ్ళు హాస్టలు పిల్లలకు వండిన చెయ్యి అది.' తర్వాత ఆవిడ పేరు. ఆవిడ చదువుకుని కొలతలు దిద్దడం కూడా మర్చిపోయారు. మా అమ్మాయికి చూపిస్తానండి అని ఆ కాగితం మడిచి తీసుకెళ్ళారు.

గురువారం మధ్యాహ్నం ఎక్కించబోతుంటే ఫోను వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక పెద్దావిడ. ఎవరో చెబితే విని, రెండు కిలోలు కావాలన్నారు. అంతా మాట్లాడుకున్నాక గొంతు కొంచెం తగ్గించి, "చేసేది ఎవరండీ? మీవాళ్ళేనా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో ఏముందో ఇక్కడ పుట్టినవాడికి ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మా ఇంట్లోవాళ్ళేనండి. మా నాయనమ్మ పద్ధతి" అన్నాను.

ఫోను పెట్టేశాక చిత్తుప్రతిలో మూడు మాటలు మార్చాను. 'అంటుంది మా అక్క' తీసి 'అనేది మా నాయనమ్మ' అని పెట్టాను. హాస్టలు వాక్యం కొట్టేశాను. పేరు కొట్టేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా నాయనమ్మ తన జన్మలో పాకం పట్టలేదు. పొయ్యి సెగ పడేది కాదు ఆవిడకు. అరుగు మీద కూచుని పని చెప్పేది. ఆ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ మా ఊళ్ళోవాళ్ళు బ్లాగులు చదవరు.

టపా బాగా వెళ్ళింది. కింద పద్నాలుగు వ్యాఖ్యలు. తమ తమ నాయనమ్మలను తలుచుకుని ఏడ్చామని ఇద్దరు రాశారు. నేను వాళ్ళకు వినయంగా కృతజ్ఞతలు రాశాను.

ఒక్కసారితో ఆగి ఉంటే అది అబద్ధం మాత్రమే. నేను దాన్ని పని పద్ధతిగా మార్చుకున్నాను. సోమవారం ఆవిడకు ఇచ్చే చిత్తుప్రతిలో ఆవిడ ఉండేవారు. గురువారం ఎక్కించే టపాలో నాయనమ్మ ఉండేది. వారం వారం. చిత్తుప్రతిలో ఆవిడ గురించి రాయడం ఎందుకు మానలేదని చాలాసార్లు నన్ను నేను అడిగాను. కొలతలు దిద్దించుకోవాలి కాబట్టి, అని ఒక జవాబు. అది సగమే. కాగితం అందుకున్నప్పుడు ఆవిడ ముఖంలో కనబడే సంతోషం నాకు బాగుండేది. దాన్ని కలిగించినవాణ్ణి నేను కదా అనుకునేవాణ్ణి. నేను దిద్దుబాట్లు ఎక్కించుకున్నాక ఆవిడ ఆ కాగితాలన్నీ తిరిగి తీసుకుని ఒక ఫైల్లో పెట్టుకున్నారు. గురువారాలు చర్చి స్త్రీల కూటమి అయ్యాక వాటిలోంచి ఒకటి చదివి వినిపిస్తున్నారని కూడా నాకు తెలుసు. ఆవిడ అక్కడ చదువుతున్న వేళకే నేను రాజోల్లో వాటిలోంచి ఆవిణ్ణి తీసేస్తూ ఉండేవాణ్ణి.

నా భార్యకు తెలియదా అంటే, తెలుసు. శ్రావణమాసంలో ఒకసారి బ్లాగు చూసి, "ఈ నాయనమ్మ ఎవరండీ? మీ నాయనమ్మ నాకు తెలిసినంతలో కాఫీ కూడా కలుపుకోలేదు" అంది. వ్యాపారం అన్నాక కొంచెం ఉంటుంది అన్నాను. ఆవిడకు చెప్పేరా అని అడిగింది. చెబుతాలే అన్నాను. తర్వాత ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

నవంబరు మొదటి శనివారం విషయాలు ఎంచుకుంటున్నాం. దీపావళి అయిపోయింది, కార్తీకం నడుస్తోంది, డిసెంబరంతా సంక్రాంతి అరిసెలూ జంతికలూ రాయాలని నా ఉద్దేశం. ఆవిడ తడిక మీద కాగితాల వంక చూసి, అన్ని నెలలూ పైనుంచి కిందికి వేలితో తడుముతూ వచ్చి, "తమ్ముడుగారూ, ఇందులో అన్ని పండగలూ వచ్చేయి గానండి, మా క్రిస్మసు రాలేదు" అన్నారు. అడిగినట్టుగా కూడా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నారు. నా భార్య వెంటనే, నిజమే, గులాబీ పువ్వులు పెడదాం అంది.

గులాబీ పువ్వులంటే మా ప్రాంతంలో క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మసుకు చేసుకునే వంట. పువ్వు ఆకారంలో ఇనప అచ్చు, దానికి పొడుగు కాడ. అచ్చును కాగిన నూనెలో వేడిచేసి, పిండిలో ముంచి మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విడిపోతుంది. అచ్చును పిండిలో పూర్తిగా ముంచకూడదు, పైఅంచు మునిగిందంటే పిండి మీదికి ఎక్కి అతుక్కుపోయి ఇక ఊడదు. ఇదంతా ఆవిడ చెబుతుంటే నేను రాసుకున్నాను. గుడ్డు వేస్తారు కదా, మన వాళ్ళు తినరేమో అన్నాను. గుడ్డు బదులు కొబ్బరిపాలు పోస్తే ఇంకా కరకరలాడతాయి, హాస్టల్లో గుడ్లు చాలనప్పుడు అలాగే చేసేదాన్ని అన్నారు. క్రిస్మసు నుంచి వెనక్కి లెక్కపెట్టి డిసెంబరు ఐదు, శుక్రవారం అని గడిలో వేశాను. ఆవిడ ఇంకోమాట అడిగారు. "దీనికి మట్టుకు నా ఫొటో పెడతారా అండి?"

పెడతానన్నాను. పెడతానని ఆ క్షణంలో నేను నిజంగానే అనుకున్నాను. నేను రాసిన చిత్తుప్రతులన్నిటిలో అది మంచిది. అచ్చు వాళ్ళ అత్తగారిదట; కొత్త కోడలిగా వచ్చిన ఏడాది మూడుసార్లు పిండి అతుక్కుపోతే అత్తగారు ఏమీ అనకుండా అచ్చును బూడిదతో తోమి మళ్ళీ చేతికిచ్చారట. అదంతా రాశాను. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి పొయ్యి ముందు అచ్చు పట్టుకుని నిలబడితే నా భార్య ఫొటో తీసింది. రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చాను. ఐదు కాపీలు అడిగితే పది తీశాను.

గురువారం మధ్యాహ్నం షాపులో ఆ టపా ఎక్కించి, ఫొటో ఎక్కించి, తేదీ పెట్టబోయి ఆగిపోయాను. ఈ ఒక్క టపా నిజం అయితే అంతకుముందున్న ముప్పై ఒక్కటీ అబద్ధమవుతాయి. నాయనమ్మను తలుచుకుని ఏడ్చినవాళ్ళు ఏమనుకుంటారు? సంక్రాంతి ఆర్డర్లు అప్పుడే మొదలయ్యాయి. ధనుర్మాసం ప్రసాదాల మీద టపా ఒకటి పన్నెండో తేదీకి సిద్ధంగా ఉంది. రెంటినీ తారుమారు చేశాను. అది ఐదుకి, ఇది పన్నెండుకి. పన్నెండు లోపల ఏదో ఒకటి ఆలోచిద్దాం అనుకున్నాను. నా కంప్యూటర్లోని కేలండర్లో మార్చాను. తడిక మీద ఉన్నదాన్ని మార్చలేదు. ఆవిడతో ఒక ముక్క అనలేదు. అసలు సంగతి చెప్పాలంటే, పన్నెండు నాటికి ఇంకో వారం జరిపేవాణ్ణి. పంతొమ్మిదికి వేస్తే ఇక సరుకు చేరదు కాబట్టి తీసేశాం అని చెప్పడానికి వీలుగా ఉండేది. అక్కడిదాకా నేను ఆ గురువారమే ఆలోచించుకున్నాను.

శుక్రవారం ఉదయం ఆవిడ ఎప్పటిలాగే టిక్కు పెట్టి పని చేసుకున్నారు. మూడింటికి తొందరగా వెళ్ళాలని అడిగితే నా భార్య పంపించింది. ఆవిడ ఎక్కడికి వెళ్ళారో మాకు తర్వాత తెలిసింది. చర్చి స్త్రీలు నలుగురు, పాస్టరుగారి భార్య, ఆవిడ. రెండు ఆటోల్లో రాజోలు వెళ్ళారు. నా షాపుకు రాలేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ఒకటి ఉండేది, అక్కడికి వెళ్ళారు. తమ్ముడుగారికి పని చెడగొట్టడం ఎందుకు, మనమే చూసి వద్దాం అన్నారట. అమలాపురం నుంచి కూతురు వచ్చి అక్కడ కలిసింది. బ్లాగు తెరిచింది ఆ అమ్మాయే.

మర్నాడు శనివారం. నెలలో మొదటి శనివారం, విషయాలు ఎంచుకునే రోజు. నేను కాగితం, కలం పట్టుకుని వంటపాకలో కూచుని ఉన్నాను. ఆవిడ వచ్చారు. వెనక కూతురు. పొయ్యి వెలిగించలేదు. పీట లాక్కుని కూచోలేదు. ఫైలు తెరిచి మొదటి కాగితం తీశారు.

"ఇది మీరు రాసిందేనాండి?"

నాదే అన్నాను. నాకు అప్పటికే అర్థమైంది.

ఆవిడ చదివారు. "'గిన్నెకి కొడితే మోగకూడదు అంటుంది మా అక్క.'" చదివి, కూతురి చేతిలోంచి ఇంకో కాగితం తీసుకుని నాకు అందించారు. నెట్ సెంటర్లో తీసిన ప్రింటు. "మీరు వేసింది మీరు చదవండి. నాకు కళ్ళజోడు లేదు."

కళ్ళజోడు ఆవిడ కళ్ళకే ఉంది. నేను చదివాను. "'... మోగకూడదు అనేది మా నాయనమ్మ.'"

"ఇంకోటండి" అన్నారు. ఆవిడ తాటి రొట్టె కాగితం తీసి చదివారు. నేను దాని ప్రింటు చదివాను. అలా నాలుగు. ఐదోది నేను చదవకుండా కింద పెట్టేశాను. నా భార్య గుమ్మంలో నిలబడి వింటోంది.

"మీ నాయనమ్మగారిని నేనెరుగుదునండి" అన్నారు ఆవిడ. "మా అమ్మ మీ ఇంట్లో దంపేటప్పుడు వెంట వచ్చేదాన్ని. మంచి మనిషే. ఆవిడ ఇవన్నీ ఎప్పుడు చెప్పేరండీ?"

నేను వ్యాపారం కోసం అన్నాను. వాళ్ళు అడుగుతారు అక్కా, ఎవరు చేసేరని అడుగుతారు, ఏం చెయ్యను, అన్నాను. నా గొంతులో జాలి నామీదే ఉంది.

"వాళ్ళు అడుగుతారని నాకు తెలీదాండి? హాస్టల్లో వడ్డించడానికి ముందు నన్ను ఎన్నిసార్లు అడిగేరో. నా పేరు పెట్టలేమని చెబితే ఊరుకునేదాన్ని. పెట్టేనని కాగితం ఎందుకిచ్చేరు?"

నేను చేతిలోని ప్రింటు మడిచి మళ్ళీ విప్పాను.

కూతురు అందుకుంది. "నిన్న పాస్టరమ్మగారు స్క్రీను దగ్గరికి జరిగి, ఫొటో కిందుందేమో చూడమ్మా, కిందుందేమో చూడు అంటానే ఉన్నారండి. కిందకి లాగుతా ఉంటే మొత్తం మీ నాయనమ్మే వచ్చేరు" అంది. ఆ అమ్మాయి మాటలో వెటకారం లేదు. అది ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

ఆవిడ ఫైలు మూసి చంకలో పెట్టుకున్నారు. తడిక దగ్గరికి వెళ్ళి కేలండర్లు చూశారు. ఆ టిక్కులన్నీ ఆవిడవే. చింపుతారేమో అనుకున్నాను, చింపలేదు. "వెళ్ళొస్తానండి బాబుగారూ. ఈరోజుకి బియ్యం నానబెట్టి ఉన్నాయి, పులవకుండా అమ్మగారిని ఆడించేయమనండి" అని నా భార్యను చూపించి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా రెండో తప్పు రాయాలి. మొదటిదానికంటే ఇది రాయడం కష్టంగా ఉంది.

ఆవిడ మళ్ళీ రాలేదు. సంక్రాంతి ఆర్డర్లు పేరుకుపోయాయి. పక్క ఊరి నుంచి ఇద్దరిని తెచ్చి చేయిస్తే అరిసెలు రాళ్ళయ్యాయి. కొరియర్లో వెనక్కి వచ్చాయి. నేను కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను: పండగ ముందు, పని నడుమ, చెప్పాపెట్టకుండా వదిలేసి పోయిందని. ఎంత చేసినా వాళ్ళు అంతేనని ఎవరో అంటే తల ఊపాను. ఆ 'అంతే'లో ఏముందో తెలిసే ఊపాను. ఆవిడ వెళ్ళాక టపా ఒక్కటీ వెయ్యలేదు; జనవరి మొదటి శుక్రవారానికీ కేలండర్లో ఖాళీయే ఉంది. నమ్మినవాళ్ళ గురించి ఒక టపా రాశాను. పేరు పెట్టలేదు, పనిమనిషి అని రాశాను. మా నాయనమ్మ పద్ధతులు నేర్చుకుని, చెయ్యి తిరిగాక నడిమధ్యలో వదిలేసి పోయిందని రాశాను. అంతవరకూ ఏ టపాకూ రానన్ని ఓదార్పులు వచ్చాయి. వాటిని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. మోసపోయినవాణ్ణి నేనేనని నాకు గట్టిగా నమ్మకం కలిగింది.

నా భార్య ఆ టపా చూసింది. ఆమె కోపంగా అంటే బాగుండేది. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "దీనికి చిత్తుప్రతి ఎవరికి చూపించేరు?" అంది.

ఆ మాట నన్ను కొన్ని నెలలు తింది. ఆ బ్లాగులో ఆవిడ కళ్ళ ముందు పెట్టకుండా నేను రాసింది ఆ ఒక్కటే. చూపించినవన్నీ మార్చాను, చూపించనిదాన్ని మార్చవలసిన అవసరమే రాలేదు.

వేసవి వచ్చేసరికి వ్యాపారం ఆపేశాం. ఒక ఆదివారం షాపులో ఒక్కణ్ణే కూచుని, నమ్మినవాళ్ళ టపా తీసేశాను. పాత చిత్తుప్రతులు నా కంప్యూటర్లో ఉన్నాయి. ఒక్కొక్క టపా తెరిచి, నాయనమ్మను తీసి, మొదట రాసినట్టే ఆవిడ పేరు పెట్టాను. హాస్టలు వాక్యాలు తిరిగి పెట్టాను. ముప్పై రెండు. గులాబీ పువ్వుల టపా కూడా ఫొటోతో వేశాను, మే నెలలో. అన్నిటికీ పైన, నేను చేసింది ఇది అని పది వాక్యాలు రాశాను. నలుగురు వ్యాఖ్య రాశారు. ఎవరు చేస్తే ఏం, రుచి ముఖ్యం అన్నారు ఇద్దరు. ఒకాయన, ఇది ముందే చెప్పవలసింది, మేము నియమాలున్న వాళ్ళం అని రాశాడు. మిగిలినవాళ్ళు చదవనే లేదు. పాత టపా దిద్దితే దిద్దినట్టు ఎవరికీ తెలియదు. ఏడ్చినవాళ్ళు ఏ నాయనమ్మ కోసం ఏడ్చారో ఆవిడతోనే ఉండిపోయారు.

అవన్నీ ప్రింటు తీసి ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఈసారి వీధి చివర ఆగలేదు, గుమ్మందాకా వెళ్ళాను. ఆ ఇంటికి అదే మొదటిసారి వెళ్ళడం. నెలల తరబడి ఆవిడ చేతి వంట అమ్ముకున్నానే గాని ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగలేదు. ఇస్తే తాగాలి అని దారిపొడుగునా అనుకుంటూ వెళ్ళాను. ఆవిడ కుర్చీ వేశారు. మంచినీళ్ళు ఇవ్వలేదు.

కాగితాలు తీసుకుని అన్నీ చదివారు. తొందరపడలేదు. ఒకచోట అలవాటుగా పెన్సిలు కోసం చూసి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చదవడం అయ్యాక కాగితాల అంచులు సరిచేసి నా ఒళ్ళో పెట్టారు.

"పేరు తీసేయండి బాబుగారూ" అన్నారు.

క్షమించమని అడగడానికే వచ్చానన్నాను.

"అది మీరు అడుగుతారు, నేను చెబుతాను, అయిపోద్దండి. అది వేరు. పేరు మట్టుకు తీసేయండి. అప్పుడు తీసేసిందీ మీరే, ఇప్పుడు పెట్టిందీ మీరే. రేపు మళ్ళీ ఎవరైనా ఫోను చేసి అడిగితే ఏం చేస్తారో నాకు తెలీదు. అది నా పేరండి. అక్కడ ఉంచొద్దు."

నేను ఇంకేదో అనబోయాను. "ఆ వంటలు ఉంటే ఉండనీయండి. చేసుకునేవాళ్ళు చేసుకుంటారు" అని లేచి లోపలికి వెళ్ళారు. క్షమించానని అనలేదు. అడిగితే చెబుతానన్నారు గాని, నేను అడగలేకపోయాను.

ఆ రోజే షాపుకు వెళ్ళి మళ్ళీ మొదటి టపా తెరిచాను. 'అంటుంది మా అక్క' కొట్టేశాను. నాయనమ్మను పెట్టడానికి లేదు. ఆ వాక్యానికి ఒక మనిషి కావాలి, ఎవరూ లేరు. చివరికి, 'పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి, గిన్నెకి కొడితే మోగకూడదు' అని ఊరుకున్నాను. తర్వాతది. దాని తర్వాతది. ఫొటో తీసేశాను. అత్తగారు బూడిదతో అచ్చు తోమి ఇచ్చిన సంగతి తీసేశాను, అది కూడా ఆవిడదే కాబట్టి. సాయంత్రానికి అన్నీ అయ్యాయి. కొలతలు మిగిలాయి. కొలతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆ బ్లాగు ఇంకా అలాగే ఉంది. ఎప్పుడో ఒకసారి ఎవరో ఆ పాకుండలు చేసి చూసి, చాలా బాగా వచ్చాయండీ, ఇది ఎవరి పద్ధతి అని కింద అడుగుతారు. నేను చూస్తాను. జవాబు రాయను.